మీర్ ఇస్ట్ కాల్ట్ - నాకు చలిగా ఉంది

(స్త్రీల కార్యక్రమంలో ప్రసంగ పాఠం)



ఈ మధ్య మన ఇళ్ళల్లో జర్మనీ మాట తరచుగా వినిపిస్తోంది. అల్లుడుగారికి ష్టుట్‌గార్టులో కార్ల కంపెనీ ఉద్యోగమనో, అబ్బాయి మ్యూనిక్‌లో చదువుతున్నాడనో ఏదో ఒక కబురు వస్తూనే ఉంటుంది. 2007 నుంచి అక్కడ ఒక నిబంధన కూడా ఉంది. భర్త దగ్గరికి కాపురానికి వెళ్ళే భార్య, సాధారణంగా, వీసాకు ముందే జర్మన్ మొదటి మెట్టు పరీక్ష ప్యాసై ఉండాలి. కొన్ని రకాల ఉద్యోగ వీసాలవారి భార్యలకు మినహాయింపు ఉంది కాని, పరీక్ష తప్పినంత మాత్రాన భాష అవసరం తప్పదు కదా! వీధి చివర రొట్టెల కొట్టులో అమ్మే మనిషి జర్మనే మాట్లాడుతుంది.

నేను కొన్నేళ్ళు అక్కడ కాపురం చేసి వచ్చినదాన్ని. ఇప్పుడు హైదరాబాదులో మా ఇంటి ముందుగదిలో, వెళ్ళబోయే నలుగురైదుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడిస్తూ ఉంటాను. వ్యాకరణం పుస్తకాల్లో ఉంది. నేను చేయించేది సంభాషణ. ఒకరు కొట్టువాళ్ళు, ఒకరు కొనేవాళ్ళు. ఒకరు పక్కింటావిడ, ఒకరు చుట్టపుచూపుగా వెళ్ళినావిడ. ఆ మాటల్లో దొర్లే తప్పులను దిద్దుతూ ఉంటే నాకొక సంగతి తెలిసివచ్చింది. మనవాళ్ళు చేసే తప్పుల్లో చాలా భాగం తెలుగువల్ల వచ్చేవి కావు, ఇంగ్లీషువల్ల వచ్చేవి. తెలుగులో ఆలోచించి, దాన్ని మనసులో ఇంగ్లీషులోకి మార్చి, ఆ ఇంగ్లీషును జర్మన్‌లోకి మారుస్తారు. నడుమ ఆ మధ్యవర్తి లేకపోతే సగం తప్పులు దొర్లనే దొర్లవు. తెలుగు ఎక్కడ ఆదుకుంటుందో, ఎక్కడ చేయి వదిలేస్తుందో ఈ పూట చూద్దాం.

ముందు పలుకుబడి గురించి రెండు మాటలు. జర్మన్‌లో ఒక అక్షరముంది, ఇంగ్లీషువాడి జెడ్ అక్షరమే. దాన్ని పలకడానికి ఇంగ్లీషు అలవాటైనవాళ్ళు తంటాలు పడతారు. మనకా శబ్దం పుట్టుకతో వచ్చింది. చాప, చుక్క అనేటప్పుడు మన నోట వచ్చే చకారం ఉంది చూశారూ, అదే. చందమామలోని చకారం కాదు సుమా! పంచదారను జర్మన్‌లో ఏమంటారో తెలుసా? 'చుక్కర్'. చుక్క అని, చివర రకారం తగిలిస్తే చాలు, అక్కడివాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. అక్షరాల్లో మీకు తికమక లేకుండా ఆ శబ్దాన్ని ఇకమీదట 'త్స' అని రాస్తాను.

ఇంకో శబ్దం. నేను అనడానికి జర్మన్‌లో 'ఇష్' అంటారు. అందులోని చివరి శబ్దం మన షకారం కాదు, హకారమూ కాదు. నాలుకను 'యి' అనబోతున్నట్టు పెట్టి, గొంతు మోగనివ్వకుండా వట్టి గాలి వదలండి. అదే. నాలుగు రోజులు అద్దం ముందు అనుకుంటే వచ్చేస్తుంది.

సరే, ఇక మాటల్లోకి వెళదాం. ష్టుట్‌గార్టు వెళ్ళబోయే ఒకమ్మాయి ఉంది మా దగ్గర. పరీక్షలో మొదట తనను తాను పరిచయం చేసుకోవాలి. పేరు, వయస్సు, దేశం, ఉండే ఊరు, వచ్చిన భాషలు, వృత్తి, సరదాలు - ఈ వరసలో చీటీ మీద మాటలుంటాయి, వాటినిబట్టి చెప్పుకుపోవాలి. ఆ అమ్మాయి అన్నీ చక్కగా చెప్పింది. వృత్తి దగ్గరికి వచ్చేసరికి, "ఇష్ బిన్ ఐనె హౌస్‌ఫ్రౌ" అంది.

హౌస్‌ఫ్రౌ అంటే గృహిణి. 'ఐనె' అంటే ఒక. నేనప్పుడు తప్పని అనలేదు. ఎదురుగా కూర్చుని, "ఆహా, జీ జింట్ హౌస్‌ఫ్రౌ?" అన్నాను. మీరు గృహిణా, అని. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "యా, ఇష్ బిన్ హౌస్‌ఫ్రౌ" అని తనే సర్దుకుంది. నేను దిద్దే పద్ధతి ఇదే. మాట మధ్యలో ఆపితే మనిషి బిగుసుకుపోతుంది. ఆ వాక్యాన్నే సరిగ్గా తిప్పి, జవాబులాగానో ప్రశ్నలాగానో మళ్ళీ ఆమెకే వినిపిస్తే, చెవి పట్టుకుంటుంది. కారణం తర్వాత తీరిగ్గా తెలుగులో చెప్పుకోవచ్చు.

ఆ కారణం ఇది. ఇంగ్లీషులో వృత్తి చెప్పేటప్పుడు 'ఒక' అన్నమాట తగిలించి తీరాలి. జర్మన్‌లో వృత్తికి అది అక్కర్లేదు. తెలుగులో మనమేమంటాం? "నేను గృహిణిని", "ఆయన డాక్టరు" అంటాం. "నేను ఒక గృహిణిని" అని సభల్లో తప్ప ఎవరంటారు? తెలుగును అడిగి ఉంటే ఆ తప్పు వచ్చేది కాదు.

పరిచయమయ్యాక కుశలప్రశ్న. "వీ గేట్ ఎస్ ఈనెన్?" అంటే మీరెలా ఉన్నారని. దీనికి మనవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమంది మొదటి రోజు ఇచ్చే జవాబు "ఇష్ బిన్ గూట్". నేను బాగున్నాను అని వాళ్ళ ఉద్దేశం. కాని జర్మన్ చెవికి అది, "నేను మహా గట్టిదాన్ని, ఈ పనిలో ఘనురాలిని" అన్నట్టు వినిపిస్తుంది. అనాల్సినది "మీర్ గేట్ ఎస్ గూట్".

ఇక్కడే ఈ భాషలో మనకు అన్నిటికంటే దగ్గరి తలుపు తెరుచుకుంటుంది. 'మీర్' అంటే నాకు. 'డీర్' అంటే నీకు. 'ఈనెన్' అంటే మీకు. "వీ గేట్ ఎస్ ఈనెన్" అని అడిగినావిడ మాటకు మాట తెలుగులో అడిగింది, "మీకు ఎలా జరుగుతోంది" అని. "నాకు బాగా జరుగుతోంది" అని మీరు చెప్పాలి. ఆ వెంటనే "ఉంట్ ఈనెన్?" - "మరి మీకు?" - అని తిరిగి అడగాలి. మీర్ అనగానే మన 'మీరు' గుర్తొచ్చి కొందరు తడబడతారు. మీర్ అంటే మీరు కాదు, నాకు. ఆ ఒక్కటి మనసులో పెట్టుకుంటే చాలు.

తెలుగులో ఎన్ని విషయాలు 'నేను' అనకుండా 'నాకు' అని మొదలుపెడతామో ఎప్పుడైనా గమనించారా? నాకు చలిగా ఉంది. నాకు ఇది నచ్చింది. నాకు తల నొప్పిగా ఉంది. నాకు రుచించింది. ఇంగ్లీషులో ఇవేవీ ఇలా ఉండవు. జర్మన్‌లో చూడండి: "మీర్ ఇస్ట్ కాల్ట్" అంటే నాకు చలిగా ఉంది. "డాస్ గెఫెల్ట్ మీర్" అంటే అది నాకు నచ్చింది. "మీర్ టూట్ డెర్ కోప్ఫ్ వే" అంటే నాకు తల నొప్పెడుతోంది. "ఎస్ ష్మెక్ట్ మీర్" అంటే నాకు రుచిగా ఉంది. నాకు అనే చోట మీర్ పెట్టుకుంటూ పోవడమే.

ఇంగ్లీషు దారిన వెళ్ళినవాళ్ళు "ఇష్ బిన్ కాల్ట్" అంటారు. దానర్థం "నేను చల్లని మనిషిని" అని. ముట్టుకుంటే చల్లగా తగిలే వస్తువుకో, మనసులో ఆపేక్ష లేని మనిషికో వాడే మాట అది. ఎండాకాలంలో "ఇష్ బిన్ హైస్" అన్నారంటే ఇంకా చిక్కు. ఒళ్ళు వేడిగా ఉందని మీరంటారు, వినేవాళ్ళు నవ్వు ఆపుకుంటారు. అది నలుగురిలో అనే మాట కాదు. "మీర్ ఇస్ట్ వార్మ్" అనండి, ఏ గొడవా ఉండదు.

అలాగని 'నాకు'ను ప్రతిచోటా మీర్ చేయకూడదు. మా క్లాసులో ఒక పెద్దావిడ ఈ సూత్రం చెప్పగానే ఉత్సాహంగా "మీర్ ఇస్ట్ హుంగర్" అన్నారు. నాకు ఆకలిగా ఉంది అని. తెలుగు లెక్కకు సరిగ్గానే ఉంది, జర్మన్ లెక్కకు లేదు. ఆకలి, దప్పిక - ఈ రెండిటినీ జర్మన్‌లో కలిగి ఉంటారు. "ఇష్ హాబె హుంగర్", "ఇష్ హాబె డుర్స్ట్". నేను ఆకలి కలిగి ఉన్నాను, అన్నట్టు. ఈ రెండూ విడిగా నేర్చుకుని పక్కన పెట్టుకోండి. చలి, ఉక్క, నచ్చడం, రుచించడం, ఒళ్ళు నొప్పులు - వీటికి మాత్రం నిశ్చింతగా మీర్ వాడవచ్చు.

ఇప్పుడు రొట్టెల కొట్టుకు వెళదాం. బెకెరై అంటారు దాన్ని. ఉదయం పూట చిన్న గుండ్రని రొట్టెలు తాజాగా కాల్చి పెడతారు. వాటి పేరు పుస్తకంలో 'బ్ర్యోట్‌షెన్'. మ్యూనిక్ వైపు వాటినే 'జెమ్మెల్' అంటారు, బెర్లిన్‌లో 'ష్రిప్పె' అంటారు, ష్టుట్‌గార్టు వైపు 'వెక్‌లె' అంటారు. మనకు ఆనపకాయ, సొరకాయ ఉన్నట్టే. పుస్తకం మాట ఎక్కడన్నా అర్థమవుతుంది, దిగులుపడకండి.

కొట్టులో నిలబడ్డది ఇరవై ఏళ్ళ పిల్ల అనుకుందాం. ఆ పిల్లను ఏమని పిలవాలి? 'జీ' అంటే మీరు, 'డూ' అంటే నువ్వు. ఇంగ్లీషులో ఈ తేడా లేదు, మనకుంది. కనుక మనకు సులువే అనుకుంటాం. నిజానికి సగమే సులువు. మనం వయస్సునూ వరసనూ చూసి మీరు, నువ్వు అంటాం. వాళ్ళు దగ్గరా దూరమా అని చూస్తారు. కొట్టులో పిల్ల చిన్నదైనా పరాయి మనిషి, కనుక జీ అనాలి. అదే ఇంట్లో అయితే తాతగారినైనా అమ్మమ్మనైనా డూ అంటారు. మీ అబ్బాయి జర్మన్ పిల్లను చేసుకున్నాడనుకోండి, ఆ అమ్మాయి మిమ్మల్ని డూ అంటే తల పొగరనుకోవద్దు; సొంత మనిషిగా చూస్తోందన్నమాట. మీరు ఆమె తల్లిగారిని గౌరవం కొద్దీ ఎన్నాళ్ళయినా జీ అంటూనే ఉంటే, దూరం పెడుతున్నారని ఆవిడ నొచ్చుకోవచ్చు. పరిచయస్థుల మధ్య మాత్రం జీ నుంచి డూకు మారదామని అడగడం పెద్దవాళ్ళ వంతు. వాళ్ళు అడిగేదాకా జీ.

సరే, కొట్టు. నేను కొట్టుమనిషిని, ష్టుట్‌గార్టు అమ్మాయి కొనడానికి వచ్చింది.

"గూటెన్ మోర్గెన్! బిట్టె ష్యోన్?" అన్నాను. శుభోదయం, ఏం కావాలండీ, అని.

"గూటెన్ మోర్గెన్. ఇష్ విల్ ఫ్యున్ఫ్ బ్ర్యోట్‌షెన్."

ఐదు రొట్టెలు. లెక్క సరే, మాటలూ వ్యాకరణం ప్రకారం సరే. అయినా 'ఇష్ విల్' అన్నది, "నాకు కావాలి, అంతే" అని బల్ల గుద్దినట్టుంటుంది. చిన్నపిల్లలు మారాం చేసేటప్పుడు అనే మాట. ఇంగ్లీషు మాటలాగా కనబడుతుంది కనుక మనవాళ్ళు దాన్ని పట్టుకుంటారు. నేను వెంటనే, "జీ మ్యొష్టెన్ ఫ్యున్ఫ్ బ్ర్యోట్‌షెన్?" అని తిప్పి అడిగాను. మ్యొష్టెన్ అన్నది మర్యాద మాట. 'కావాలండీ' అన్నప్పటి మెత్తదనం అందులో ఉంది. అమ్మాయి అందుకుంది:

"యా, ఇష్ మ్యొష్టె ఫ్యున్ఫ్ బ్ర్యోట్‌షెన్ ఉంట్ ఐనె బ్రేత్సెల్, బిట్టె."

బ్రేత్సెల్ అంటే మన చేగోడీని మెలిపెట్టి ముడివేసినట్టుండే పెద్ద రొట్టె; పైన ఉప్పురవ్వలు చల్లి ఉంటాయి. బిట్టె అంటే దయచేసి. ఈ మాట వాక్యం చివర ఉంటే చాలు, ఎన్ని తప్పులున్నా క్షమించేస్తారు.

"జోన్స్ట్ నోఖ్ ఎట్వాస్?" ఇంకేమైనా కావాలా?

"నైన్, డాంకె. డాస్ ఇస్ట్ ఆలెస్." వద్దండీ, అంతే.

"డ్రై ఓయ్‌రో ఫ్యున్ఫ్-ఉంట్-ఫీర్‌త్సిష్."

డ్రై ఓయ్‌రో అంటే మూడు యూరోలు. మిగతాది ఎంత? అమ్మాయి మూడు యూరోల 54 సెంట్లు లెక్కపెట్టి ఇచ్చింది. ఆ మాటను విడదీస్తే 'ఐదు-మరియు-నలభై'. అంటే 45. పదమూడు మొదలు తొంభైతొమ్మిది దాకా, చివర సున్న ఉన్న సంఖ్యలను వదిలేస్తే, ఒకట్ల స్థానమే ముందు పలుకుతారు. తెలుగులో నలభై ఐదు అంటాం, ఇంగ్లీషూ అంతే, కాబట్టి ఈ విషయంలో మనల్ని ఆదుకునేవాళ్ళు లేరు. నేను చెప్పే ఉపాయం ఒక్కటే. చీటీ మీద రాసుకునేటప్పుడు విన్న అంకెను కుడివైపు రాసి, ఎడమవైపు చోటు వదిలి, రెండోది విన్నాక అక్కడ నింపండి. రోజూ ఇంట్లో కూరల లెక్క ఇలా రాస్తే వారంలో చెవి అలవాటు పడుతుంది.

రొట్టెలు కొన్నాక పక్కింటావిడ కాఫీకి పిలిచింది. మధ్యాహ్నం మూడున్నర, నాలుగు మధ్య కాఫీ, దానితో కేకు ముక్క - అక్కడ అదొక మర్యాద. ఇప్పుడు నేను పక్కింటావిడను.

"మ్యొష్టెన్ జీ ఐనెన్ కాఫే?" కాఫీ తీసుకుంటారా?

అమ్మాయి చిరునవ్వు నవ్వి, "డాంకె!" అంది.

నేను కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. క్లాసంతా తెల్లబోయింది. డాంకె అంటే ధన్యవాదాలు, నిజమే. కాని ఏదైనా ఇవ్వబోయేటప్పుడు ఒక్క డాంకె అంటే, "వద్దు, మీ మర్యాదకు కృతజ్ఞురాలిని" అని అర్థం. కావాలంటే "యా, బిట్టె" అనాలి. పుచ్చుకున్న తర్వాత డాంకె అనాలి. మనవాళ్ళు మొహమాటానికి ఒకసారి వద్దంటారు, రెండోసారి అడుగుతారని చూస్తారు. అక్కడ రెండోసారి అడగడం అరుదు. వద్దన్న మనిషిని బలవంతపెట్టడం వాళ్ళకు అమర్యాద. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది కాఫీ లేకుండా తిరిగివచ్చారో!

మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి అమ్మాయి, "యా, బిట్టె. ఇష్ మ్యొష్టె ఐన్ కాఫే" అంది.

"గెర్న్! ఐనెన్ కాఫే," అన్నాను, నెన్ అన్నదాన్ని కాస్త ఒత్తి. గెర్న్ అంటే సంతోషంగా. ఆ అమ్మాయి తల ఊపింది గాని, ఎందుకో తెలియలేదు. ఐదు రొట్టెలకూ బ్రేత్సెల్‌కూ రాని ఈ 'నెన్' కాఫీకి ఎందుకొచ్చింది?

జర్మన్‌లో ప్రతి వస్తువుకూ మూడు లింగాల్లో ఏదో ఒకటి ఉంటుంది. కాఫీ మగ, టీ మగ, కేకు కూడా మగే. బ్రేత్సెల్ ఆడ. రొట్టె నపుంసకం. ఎందుకని అడిగితే జవాబు లేదు. తెలుగులో మనిషి కానిదంతా 'అది' కనుక ఈ బాధ మనకు తెలియదు. మాటతోపాటే దాని లింగాన్ని కూడా బట్టీపట్టడం తప్ప దారి లేదు. డెర్ అంటే మగ, డీ అంటే ఆడ, డాస్ అంటే నపుంసకం. 'డెర్ కాఫే, డీ బ్రేత్సెల్, డాస్ బ్రోట్' అని ముందుమాటతో కలిపే నోటికి ఎక్కించుకోవాలి. ఒక్క ఊరట ఉంది. 'షెన్' అని ముగిసే ముద్దుమాటలన్నీ నపుంసకమే. బ్ర్యోట్‌షెన్ అంటే చిట్టిరొట్టె, నపుంసకం. మేట్‌షెన్ అంటే ఆడపిల్ల, అదీ నపుంసకమే. ఆడపిల్ల నపుంసకమేమిటని జర్మన్‌ను ఎగతాళి చేసేవాళ్ళను చూశాను. మనం మాత్రం? "బండి వచ్చింది, అమ్మాయి వచ్చింది" అని ఒకే క్రియ వాడటంలేదూ?

ఇక 'నెన్' సంగతి. తెలుగులో "తమ్ముడు వచ్చాడు" అంటాం. ఆ తమ్ముణ్ణే మనం చూస్తే "తమ్ముణ్ణి చూశాను" అంటాం. డు పోయి ణ్ణి వచ్చింది. పని చేసేవాడు తమ్ముడు, పనికి గురయ్యేవాడు తమ్ముణ్ణి. బండి విషయంలోనో? "బండి వచ్చింది, బండి చూశాను" అంటాం, మాట మారదు. జర్మన్‌లోనూ ఇంతే అనుకోండి. మగ మాట అయితేనే రూపం మారుతుంది. ఐన్ కాస్తా ఐనెన్ అవుతుంది, డెర్ కాస్తా డెన్ అవుతుంది. ఆడ మాటా, నపుంసకమూ బండిలాగా ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. కాఫీ తనంతట తాను బాగుంటే "డెర్ కాఫే ఇస్ట్ గూట్". మనం ఆ కాఫీని తాగితే "ఇష్ ట్రింకె డెన్ కాఫే". ఈ పోలిక చెప్పిన తర్వాత మా క్లాసులో ఎవరైనా ఐన్ కాఫే అంటే, నేను దిద్దను, "తమ్ముడు చూశానా?" అంటాను. అందరూ గొల్లున నవ్వుతారు, తప్పు సర్దుకుంటుంది.

కాఫీ వచ్చింది, కేకు వచ్చింది. "ష్మెక్ట్ ఈనెన్ డెర్ కూఖెన్?" కేకు రుచిగా ఉందా మీకు? ఇక్కడ అమ్మాయి ఏ తడబాటూ లేకుండా, "యా, డెర్ కూఖెన్ ష్మెక్ట్ మీర్ జేర్ గూట్" అంది. కేకు నాకు చాలా బాగా రుచిస్తోంది. అదిగో, తెలుగు దారి పట్టాక ఎలా నడిచిందో చూశారా! తినేవాళ్ళం మనమైనా, ఈ వాక్యంలో రుచించే పని కేకుది. అందుకే కేకు డెర్‌గానే ఉండిపోయింది, డెన్ కాలేదు. ఆ సంగతి నేను చెప్పకముందే మా పెద్దావిడ కనిపెట్టారు, ఆకలి అని తొందరపడినావిడే.

పొద్దుపోయింది, ఇంటికి వెళ్ళాలి. అమ్మాయి లేచి, "యెత్స్ట్ ఇష్ ముస్ నాఖ్ హౌజె గేయెన్" అంది.

యెత్స్ట్ అంటే ఇప్పుడు, ముస్ అంటే తప్పనిసరిగా చేయాలి అని, నాఖ్ హౌజె అంటే ఇంటికి, గేయెన్ అంటే వెళ్ళడం. మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటి చోటు తప్పింది. నేను పక్కింటావిడ గొంతుతోనే, "ఓ, యెత్స్ట్ ముస్సెన్ జీ నాఖ్ హౌజె గేయెన్?" అన్నాను. అప్పుడే వెళ్ళాలా, అని.

సంగతేమిటంటే, మామూలుగా ఏదైనా చెప్పే వాక్యంలో క్రియకు రెండో పీట ఖాయం. పెళ్ళిలో పెళ్ళికొడుకు పీటలాగా, ఇంకెవరూ కూర్చోకూడదు. మొదటి పీటమీద 'నేను' కూర్చోవచ్చు, 'ఇప్పుడు' కూర్చోవచ్చు, 'కేకు' కూర్చోవచ్చు. 'ఇప్పుడు' ముందు కూర్చుంటే 'నేను' క్రియ తర్వాతకు జరగాలి. "ఇష్ ముస్ యెత్స్ట్" అన్నా సరే, "యెత్స్ట్ ముస్ ఇష్" అన్నా సరే. "యెత్స్ట్ ఇష్ ముస్" మాత్రం కుదరదు. ఇది ఇంగ్లీషులోనూ లేదు, తెలుగులోనూ లేదు. అందుకే ఈ తప్పు అందరికంటే ఆలస్యంగా పోతుంది. ఏడాది చదివినవాళ్ళ నోటా వింటూ ఉంటాను.

అయితే అదే వాక్యం చివర చూడండి. 'గేయెన్' - వెళ్ళడం - అన్నది ఎక్కడుంది? అన్నిటికంటే చివర. "ఇప్పుడు నేను ఇంటికి వెళ్ళాలి" అన్నప్పుడు మనం 'వెళ్ళాలి'ని చివరకు ఉంచినట్టే. ఇంగ్లీషువాళ్ళకు అసలు క్రియ అంతదాకా రాకపోవడం ఊపిరి బిగబట్టినట్టుంటుందట. మనం పుట్టినప్పటినుంచి వాక్యం చివరిదాకా ఆగడం అలవాటైనవాళ్ళం. కనుక రెండో పీటను గురించి జాగ్రత్తపడితే, చివరి పీట సంగతి తెలుగు చూసుకుంటుంది.

ఇంట్లో ఒంటరిగా చేసుకోవాలంటే ఇలా చేయండి. వంట చేస్తూ, తెలుగులో మీ నోట సహజంగా వచ్చిన వాక్యం ఒకటి పట్టుకోండి. అది 'నాకు' అని మొదలైందా, 'నేను' అని మొదలైందా చూడండి. నాకు అయితే ముందు మీర్ పెట్టి చూడండి. ఆకలి, దప్పిక అయితే మానేయండి. నేను అయితే ఇష్ పెట్టండి, రెండో పీటమీద క్రియను కూర్చోబెట్టండి, తాగేదీ తినేదీ కొనేదీ మగ మాటేమో చూసుకోండి. రోజుకు మూడు వాక్యాలు చాలు. పదిహేను వాక్యాలు రాసి ఒక్కటీ పైకి అనకపోవడంకంటే, మూడు వాక్యాలు పొయ్యి దగ్గర గట్టిగా అనడం మంచిది. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళను కొట్టులో కూర్చోబెట్టండి, సంబరంగా సరుకులమ్ముతారు.

జర్మన్‌లో సెలవు తీసుకునేటప్పుడు "ఔఫ్ వీడర్‌జేయెన్" అంటారని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మళ్ళీ చూసుకుందాం, అని. కాని టెలిఫోనులోనూ రేడియోలోనూ ఒకరినొకరు చూసుకోరు కదా. అందుకని వాళ్ళు అక్కడ వాడటానికి ఇంకో మాట పెట్టుకున్నారు. మళ్ళీ విందాం, అని దానర్థం. ఇప్పటి కుర్రవాళ్ళు అంతగా అనరు కాని, పెద్దవాళ్ళూ ఆఫీసులవాళ్ళూ ఫోను పెట్టేస్తూ అంటూనే ఉంటారు.

ఔఫ్ వీడర్‌హ్యోరెన్.